గన్ పేలాకే కదిలాడు కదా, మరి ఫాల్స్ స్టార్ట్ ఎలా అయింది?

పర్లాకిమిడి_పీఈటీ
2022 యూజీన్ ప్రపంచ చాంపియన్‌షిప్, 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. అమెరికా హర్డ్లర్ డెవన్ అలెన్ రియాక్షన్ టైమ్ 0.099 సెకను అని తెర మీద పడింది. గన్ పేలిన తరవాతే కదిలాడని ఆ అంకే చెప్తోంది. ముందే కదిలుంటే మైనస్‌లో చూపించాలి కదా. అయినా కార్డు చూపించి బయటికి పంపేశారు. సొంత దేశంలో, సొంత జనం ముందు. సెకనులో వెయ్యో వంతు తేడాకి.

మా స్కూలు పిల్లలు ఆ వీడియో చూసి ఒకటే పట్టు పట్టేరు. గన్ తరవాత కదిలితే తప్పేటి? 0.100 సెకను లోపు కదిలితే ఫాల్స్ స్టార్ట్ అంటున్నారు సరే, ఆ హద్దు 0.090 ఎందుకు కాదు, 0.110 ఎందుకు కాదు? ఆ అంకె ఎవరు, దేన్ని చూసి పెట్టేరో తెలిసినవాళ్ళు చెప్పండి. "రూల్ అంతే" అన్న జవాబు పిల్లలకి చెప్పలేను.

రాయగడ_రాజు
మనిషి శరీరం 0.100 కన్నా ముందు కదల్లేదు మాస్టారు. సైన్స్ నిరూపించేసింది. అంతకన్నా ముందు కదిలాడంటే గన్ వినకుండా ఊహించి లేచాడన్నమాట. ఇంకోటి, మొదటిసారి ఎవరు చేసినా అందరికీ కలిపి వార్నింగ్, రెండోసారి చేసినవాడు ఔట్. అలెన్ రేసులో అంతకు ముందు ఎవరో చేసుంటారు.

బరంపురం_స్టార్టర్
రాజూ, నువ్వు చెప్పిన వార్నింగ్ పద్ధతి 2003 నుంచి 2009 దాకా ఉండేది. 2010 జనవరి 1 నుంచి లేదు. 2003కి ముందైతే ఒక్కో మనిషికి ఒక్కో ఫాల్స్ స్టార్ట్ మాఫీ, రెండోదానికి ఔట్. 1996 అట్లాంటా 100 మీటర్ల ఫైనల్లో లిన్‌ఫర్డ్ క్రిస్టీ అలాగే రెండోదానికి వెళ్ళిపోయాడు. తరవాత మొత్తం రేసుకి ఒకటే మాఫీ అన్నారు. దాంతో ఏమైందంటే, స్టార్ట్ బలహీనంగా ఉన్నవాడు కావాలని ముందు లేచిపోయేవాడు. వార్నింగ్ అందరి నెత్తినా పడుతుంది, మెరుపులా లేచేవాళ్ళంతా భయపడి, పాదాలు ఆనించే బ్లాకుల్లో కూర్చుండిపోతారు. ఆ ఎత్తుగడ ఆపడానికే 2010లో ఒక్కటి చేసినా ఔట్ అని పెట్టారు. మరుసటి ఏడు డేగు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఉసేన్ బోల్ట్ అంతటివాడే 100 మీటర్ల ఫైనల్లో ఆ రూలుకి దొరికాడు.

డెకాథ్లాన్, హెప్టాథ్లాన్‌లలో మాత్రం పాత పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. మొదటిది వార్నింగ్, ఆ తరవాత ఎవరు చేసినా ఔట్. నువ్వు చూసింది అదై ఉండొచ్చు.

ఇక "శరీరం 0.100 కన్నా ముందు కదల్లేదు" అన్న మాట. అందులో సగమే నిజం. మిగతా సగం సుజాత గారు చెప్తే బాగుంటుంది.

గుణుపూర్_గాలి
డేగు ఫైనల్ గుర్తుంది. బోల్ట్ లేచిన వేగానికి గన్ కూడా వెనకబడిపోయింది 😄

బరంపురం_స్టార్టర్
అక్షరాలా అంతే. బోల్ట్ అంకె మైనస్ 0.104. గన్ పేలడానికి సెకనులో పదో వంతు ముందే లేచాడు. అందులో ఎవరికీ అనుమానం లేదు. మాస్టారు అడుగుతున్నది సున్నాకీ 0.100కీ మధ్య ఉన్న సందు గురించి. గొడవంతా అక్కడే.

సుజాత_కోరాపుట్
ఆ సందులో ఏం జరుగుతుందో వరసగా చూద్దాం.

గన్ శబ్దం చెవికి తగలాలి. చెవి నుంచి మెదడుకి చేరడానికి పట్టేది చాలా తక్కువ, పది మిల్లీసెకన్ల చిల్లర. మెదడు నుంచి తొడ కండరాలకి ఆజ్ఞ దిగడానికి ఇంకో 20 నుంచి 30. ఈ రెండూ కలిపినా 40 దాటలేదు. మధ్యలో "ఇది గన్, లెగు" అని మెదడు పని చేసే భాగం ఒకటుంది. మనిషికీ మనిషికీ, రోజుకీ రోజుకీ మారేది అదే. చివర్లో ఇంకో ఆలస్యం. కండరంలో కరెంటు పుట్టిన క్షణానికే బలం పుట్టదు. కండరం బిగుసుకుని, స్నాయువు లాగి, పాదం బ్లాకుని నొక్కే దాకా ఇంకొన్ని మిల్లీసెకన్లు పోతాయి.

మామూలు మనిషి శబ్దం విని బటన్ నొక్కడానికి 0.140 నుంచి 0.160 దాకా పడుతుంది. మంచి స్ప్రింటర్లు బ్లాకుల నుంచి 0.130, 0.150 అలా లేస్తారు. బోల్ట్ 100 మీటర్లు 9.58లో పరిగెత్తిన రోజు 0.146. ఈ లెక్కలు చూసి, ఎంత గొప్పవాడైనా 0.100కి దిగడు, కాబట్టి అంతకన్నా తక్కువ వస్తే గన్ విని లేచినట్టు కాదు అని ఒక గీత గీశారు. ప్రకృతి గీసిన గీత కాదది. ఉన్న కొలతల కింద కాస్త జాగా వదిలి, గుండ్రంగా ఉన్న అంకె దగ్గర మనుషులు గీసుకున్నది.

పర్లాకిమిడి_పీఈటీ
అంటే 0.100 లోపు నిజంగా విని లేవడం కుదురుతుందా, కుదరదా?

సుజాత_కోరాపుట్
కుదురుతుందనే కొన్ని పరిశోధనలు చెప్తున్నాయి. 2007లో పెయిన్, హిబ్స్ అనే ఇద్దరు, శరీరం తన వంతు పని 0.085 లోపే ముగించగలదని చూపించారు. 2009లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్యే స్వయంగా ఫిన్లాండ్ స్ప్రింటర్ల మీద పరీక్ష చేయించింది. పావో కోమి బృందం చేసింది. హద్దుని 0.080 లేదా 0.085కి దించమన్నారు. అంతేకాదు, బ్లాకు ఒత్తిడి ఒక్కటే చూడొద్దు, వేగమైన కెమెరాతో శరీరంలో ఏ భాగం మొదట కదిలిందో చూడమన్నారు. సమాఖ్య ఆ రెండూ అమలు చేయలేదు. 0.100 అలాగే ఉంది.

రాయగడ_రాజు
వాళ్ళ పరీక్షలోనే తేలితే మరి ఎందుకు దించలేదు?

కోచ్_జైపూర్
దించకపోవడమే మంచిది. ల్యాబులో ఒక్కడే కూర్చుని లేచినప్పుడు 0.085 వచ్చిందని రేసులో దానికి తలుపు తెరిస్తే ఊహించి లేచేవాళ్ళకి పండగ. లెక్క చూడండి.

ఒక కుర్రాడు నిజాయితీగా వింటే 0.150కి లేస్తాడనుకుందాం. వాడు గన్ ఎప్పుడు పేలుతుందో ఊహించి లేస్తే, లాభం రావాలంటే 0.100కీ 0.150కీ మధ్య పడాలి. 50 మిల్లీసెకన్ల సందు. అంతకన్నా ముందు పడితే ఔట్, తరవాత పడితే లాభం లేదు. హద్దు 0.080 చేస్తే ఆ సందు 70 అవుతుంది. జూదగాడి చోటు దాదాపు సగం పెరిగినట్టే. 0.05 సెకను అంటే చిన్నది కాదు. ముగింపు గీత దగ్గర సెకనుకి పదీ పదకొండు మీటర్ల వేగంలో ఉంటారు. అర మీటరు తేడా. ఫైనల్లో అర మీటరులో ముగ్గురు పడతారు.

సుజాత_కోరాపుట్
మీ లెక్క సరైనదే. కానీ దానికి రెండో వైపు ఉంది కోచ్ గారూ. నిజంగా విని 0.095కి లేచినవాడు ఒకడున్నాడనుకోండి. వాడు ఏ తప్పూ చెయ్యకుండా ఇంటికి పోతాడు. ఊహించి 0.110కి లేచినవాడు దొరలా పరిగెత్తి పతకం పట్టుకుపోతాడు. గీత ఎక్కడ పెట్టినా ఈ రెండు తప్పుల్లో ఒకటి తగ్గితే ఇంకోటి పెరుగుతుంది.

కోచ్_జైపూర్
అది ఒప్పుకుంటాను. అయినా నేను 0.100 పక్షమే. గీత మారిస్తే పిల్లలు దానికి తగ్గట్టే ఊహించడం మొదలెడతారు.

బరంపురం_స్టార్టర్
జూదాన్ని ఆపేది గీత ఒక్కటే కాదు, స్టార్టర్ కూడా. "సెట్" అన్నాక గన్ ఎప్పుడు పేలుస్తామన్నది ఒకేలా ఉండకూడదు. ఒక స్టార్టర్ ప్రతి రేసుకీ ఎంత ఆగుతాడో చూసి, ఆ తేడా మొత్తం 0.2 సెకన్లలోనే ఉందని తెలిసిందనుకోండి. కోచ్ గారు చెప్పిన 50 మిల్లీసెకన్ల సందు ఆ 0.2లో నాలుగో వంతు. నాలుగింట ఒకసారి జూదం పండుతుంది. అదే ఆగే సమయం సెకను పొడుగునా అటూ ఇటూ మారుతుంటే ఇరవైలో ఒకసారి. ఒక్క తప్పుకే ఔట్ అన్న రూలు కింద ఇరవైలో ఒకసారికి ఎవడూ సాహసించడు.

అందుకే సీనియర్ స్టార్టర్లు గడియారం చూసుకోరు. ఎనిమిది మందీ నిశ్చలంగా ఉన్నారా అన్నదే చూస్తారు. ఆఖరివాడు కదలడం ఆపాకే పేలుస్తారు. వాడు ఆపే సమయం రేసుకో తీరు కాబట్టి గన్ సమయం తనంతట తానే మారిపోతుంది. ఎవడో ఊగుతూనే ఉంటే గన్ పేల్చకుండా "స్టాండప్" అని అందరినీ లేపేయాలి. ఊగుతున్నవాడు ఉండగా పేలిస్తే వాడికి ఊపు కలిసొస్తుంది, మిగతావాళ్ళకి నష్టం.

కాశీనగర్_నాన్న
మా అమ్మాయికి జిల్లా మీట్‌లో ఇలాగే జరిగింది. పక్క లేన్ పిల్ల ముందు లేచింది, దాన్ని చూసి మా పిల్ల లేచింది. ఇద్దరినీ పంపేశారు. అక్కడ మెషీను ఏదీ లేదు. మెషీను లేకుండా 0.100 కన్నా తక్కువని ఎలా తెలిసింది వాళ్ళకి? ఇది అన్యాయం కాదా?

బరంపురం_స్టార్టర్
రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయండి. 0.100 లెక్క, గుర్తింపు పొందిన ఎలక్ట్రానిక్ పరికరం బ్లాకులకి పెట్టినప్పుడే వర్తిస్తుంది. అది లేని చోట స్టార్టర్ కన్నే పరికరం. స్టార్టర్, తప్పు చూస్తే రేసుని వెనక్కి పిలిచే రీకాలర్ల తీర్పులో "గన్‌కి ముందే స్టార్ట్ మొదలెట్టింది" అనిపిస్తే అదే ఫాల్స్ స్టార్ట్. అక్కడ ఎవరూ అంకె చెప్పరు, చెప్పలేరు కూడా.

మీ అమ్మాయి విషయంలో అసలు పట్టు రూలుబుక్కులోనే ఉంది. ఒకరు ముందు లేస్తే పక్కవాళ్ళు వెంట లేవడం మామూలే, లెక్క ప్రకారం వాళ్ళదీ ఫాల్స్ స్టార్టే, కానీ స్టార్టర్ తన అభిప్రాయంలో ఎవరు దానికి కారణమో వాళ్ళని మాత్రమే పంపాలి అని రాసి ఉంది. వెంట లేచిన పిల్లని పంపాల్సిన అవసరం లేదు. అయితే ముందెవరు కదిలారన్నది ఆ క్షణంలో స్టార్టర్ చూసి ఉండాలి. అక్కడ లేని నేను ఆ తీర్పు తప్పని చెప్పలేను.

గుణుపూర్_గాలి
జ్యోతి యర్రాజీ కేసు ఇదే కదా!

కోచ్_జైపూర్
ఇదే. 2023 అక్టోబర్ 1, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు, మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. మన విశాఖ అమ్మాయి, అప్పట్లో సాధనంతా ఇటు భువనేశ్వర్‌లోనే. పక్క లేన్‌లో చైనా అమ్మాయి వూ యన్నీ గన్‌కి ముందే లేచింది. ఆ కదలిక చూసి జ్యోతి కూడా లేచింది. మొదట ఇద్దరినీ తప్పు పట్టారు. జ్యోతి అక్కడే నిలబడి అభ్యంతరం చెప్పింది. రీప్లేలు చూశారు, చాలాసేపు వాదన జరిగింది, చివరికి ఇద్దరినీ అభ్యంతరంతోనే పరిగెత్తనిచ్చారు. రేసు అయ్యాక వూ యన్నీని డిస్‌క్వాలిఫై చేశారు. మూడో స్థానంలో వచ్చిన జ్యోతికి కాంస్యం కాస్తా రజతం అయింది.

కాశీనగర్ అన్నగారూ, ఇందులో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. జ్యోతి ట్రాక్ వదిలి వెళ్ళలేదు. అక్కడికక్కడే నోటి మాటతో అభ్యంతరం చెప్పాలి. రెఫరీకి అనుమానం ఉంటే "ముందు పరిగెత్తు, తీర్పు తరవాత" అనే అధికారం ఉంది. పిల్ల ఏడుస్తూ బయటికి వచ్చేశాక, రేసు అయిపోయాక ఇంక చేసేదేమీ ఉండదు. తిరిగి పరిగెత్తించలేరు కదా.

పర్లాకిమిడి_పీఈటీ
మరి అలెన్‌కి ఆ అవకాశం ఎందుకివ్వలేదు? ఆయనా అభ్యంతరం చెప్పాడు కదా.

బరంపురం_స్టార్టర్
మెషీను చెప్పినప్పుడు అభ్యంతరంతో పరిగెత్తనివ్వకూడదని అప్పటి రూలు. మెషీను ఇచ్చిన సమాచారం స్పష్టంగా తప్పని రెఫరీ తేల్చుకుంటే తప్ప. 0.099 అని చూపించిన మెషీను స్పష్టంగా తప్పని ఎవరంటారు? అదీ అక్కడి చిక్కు.

పని జరిగే తీరు ఇది. స్టార్టర్ చెవికి హెడ్‌ఫోన్ ఉంటుంది. ఎవరిదైనా 0.100 లోపు పడితే అందులో కూత వస్తుంది. కూత రాగానే రెండోసారి గన్ పేల్చి రేసు ఆపాలి. ఆపాక తెర మీద ఏ లేన్, ఎంత సమయం, ఒత్తిడి గీత ఎలా లేచిందీ చూసి నిర్ణయం చెప్పాలి. అప్పుడు ఎరుపు నలుపు కార్డు వస్తుంది. ఎవరి తప్పూ లేకుండా ఆగిపోతే అందరికీ ఆకుపచ్చ కార్డు.

సిరొంచ_400
గడ్చిరోలి వైపు నుంచి ఒక ప్రశ్న. గన్ శబ్దం దూరంలో ఉన్న లేన్‌కి ఆలస్యంగా చేరదా? మేం 400లో ఒకరి వెనక ఒకరం మెట్లు మెట్లుగా నిలబడతాం. ఎనిమిదో లేన్‌వాడు ఎక్కడో ముందుంటాడు.

సుజాత_కోరాపుట్
చేరుతుంది. 100 మీటర్లలోనే చూడండి. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. స్టార్టర్ ఒకటో లేన్ పక్కన, సరిగ్గా గీత సూటిలో ఉంటే ఎనిమిదో లేన్‌కి ఇంకో ఏడు లేన్లు, అంటే 8.54 మీటర్లు. శబ్దం సెకనుకి సుమారు 345 మీటర్లు పోతుంది. భాగిస్తే 0.025 సెకను. ఒకటో లేన్‌వాడికి పావు మీటరు ఉచితంగా ఇచ్చినట్టు. 400లో ఇది ఇంకా ఎక్కువ.

అందుకే పెద్ద పోటీల్లో ప్రతి బ్లాకు వెనకా స్పీకర్ పెడతారు. మొదట్లో అసలు గన్ శబ్దం కూడా గాలిలో వచ్చేది, దూరపు లేన్లవాళ్ళు తెలియకుండానే దానికోసం ఆగేవారు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ గన్. శబ్దం స్పీకర్లలోంచే వస్తుంది, అందరికీ ఒకేసారి.

శబ్దం గట్టిదైతే రియాక్షన్ కూడా తగ్గుతుంది. ఉలికిపాటు అనుకోండి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ అంకెలు తీసి చూస్తే స్టార్టర్‌కి దగ్గర లేన్‌వాళ్ళు త్వరగా లేచినట్టు బయటపడింది.

రాయగడ_రాజు
మెషీను అసలు ఏం కొలుస్తుంది? పాదం బ్లాకు వదిలిన క్షణమా?

సుజాత_కోరాపుట్
కాదు రాజూ, ఇది అసలు ప్రశ్న. వదిలే సమయం ఇంకా చాలా తరవాత. "సెట్"లో ఉన్నప్పుడే పాదం బ్లాకుని కొంత నొక్కుతూ ఉంటుంది. ఆ ఒత్తిడి స్థిరంగా ఉన్నంతసేపూ మెషీను ఊరుకుంటుంది. లేవడం మొదలెట్టగానే ఒత్తిడి గీత పైకి లేస్తుంది. అది ఒక మెట్టు దాటిన క్షణాన్ని రియాక్షన్ టైమ్ అని రాస్తారు. ఒలింపిక్స్‌లో ఒమేగా వాళ్ళ బ్లాకులు సెకనుకి 4000 సార్లు ఆ ఒత్తిడిని చదువుతాయి. అంటే చదవడంలో కచ్చితత్వానికి లోటు లేదు. లోటు ఎక్కడంటే, మెట్టు ఎంత ఎత్తులో పెట్టారన్నది. మెట్టు కిందికి దించితే అందరి అంకెలూ తగ్గుతాయి, పైకి జరిపితే పెరుగుతాయి. పరిగెత్తినవాడు మారడు, అంకె మారుతుంది.

ఇప్పుడు అలెన్ సంగతి చూడండి. అదే రోజు సెమీఫైనల్లో అతని అంకె 0.101. సెకనులో రెండు వెయ్యో వంతులు తగ్గి ఫైనల్లో 0.099. రెండుసార్లూ ఒకే రకంగా విని లేచినట్టు కనిపిస్తోంది. అదే మీట్‌లో మహిళల 100 సెమీఫైనల్స్‌లో జూలియన్ ఆల్ఫ్రెడ్ 0.095, టైనియా గైథర్ 0.093తో వెళ్ళిపోయారు. ఆ మీట్ మొత్తంలోనే రియాక్షన్ టైములు మిగతా చాంపియన్‌షిప్‌ల కన్నా తక్కువగా వచ్చాయని తరవాత లెక్కలు తీసినవాళ్ళు చూపించారు. అందరూ ఒకేసారి అంత చురుగ్గా మారిపోయారనుకోవడం కన్నా, మెట్టు ఎక్కడో కాస్త కిందున్నదనుకోవడమే నాకు నమ్మదగ్గదిగా ఉంది.

కోచ్_జైపూర్
"నమ్మదగ్గది" అనొచ్చు, నిరూపణ కాదు. గన్ శబ్దం గట్టిగా వచ్చిందేమో, స్టార్టర్ లయ అందరికీ దొరికేసిందేమో. అవి కూడా అందరి అంకెలూ దించుతాయి. మీరే కదా ఇందాక ఉలికిపాటు గురించి చెప్పింది.

సుజాత_కోరాపుట్
ఆ అవకాశం లేదనను. కానీ కారణం ఏదైనా, హద్దు మాత్రం 0.100 దగ్గరే కదలకుండా నిలబడింది. ఒక మీట్‌లో కొలతలన్నీ పది మిల్లీసెకన్లు కిందికి జరిగితే, ఆ మీట్‌లో నిజమైన హద్దు 0.110 అయినట్టే. నా అభ్యంతరం అది. అలెన్ ఊహించి లేచాడా లేదా అన్నది ఆ అంకె చూసి ఎవరూ చెప్పలేరు.

పర్లాకిమిడి_పీఈటీ
ఆడపిల్లలకీ అదే హద్దా?

సుజాత_కోరాపుట్
అదే 0.100. ఇక్కడ ఎక్కువమంది గమనించని సంగతి ఒకటుంది. 2008 బీజింగ్ అంకెల మీద అమెరికా పరిశోధకులు 2011లో రాశారు. మెట్టు ఇద్దరికీ ఒకే బలం దగ్గర పెడితే, ఆడవాళ్ళ బలం ఆ మెట్టుకి చేరడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. అందుకే వాళ్ళ రియాక్షన్ కాగితం మీద నెమ్మదిగా కనిపిస్తుంది. వాళ్ళ అంచనా ప్రకారం మగవాళ్ళు 0.109, ఆడవాళ్ళు 0.121 కన్నా త్వరగా లేవడం కష్టం. ఆడవాళ్ళకి మెట్టుని 22 శాతం దించితే తేడా పోతుందన్నారు. అంటే ఒకే మెట్టు ఉన్న చోట, ఒక అమ్మాయి కాస్త ఊహించి లేచినా 0.100 పైనే పడి తప్పించుకోగలదు.

రాయగడ_రాజు
చూశారా, 0.109 కన్నా త్వరగా లేవడం కష్టమని వాళ్ళే అంటున్నారు. మొదట్లో నేను చెప్పిందీ అదే.

సుజాత_కోరాపుట్
వాళ్ళది పోటీల్లో వచ్చిన అంకెల నుంచి తీసిన అంచనా. ఫిన్లాండ్ వాళ్ళది శరీరం మీద తీగలు పెట్టి కొలిచినది. ఒకరు 0.109 అంటున్నారు, ఒకరు 0.080 అంటున్నారు. ఈ రెంటికీ మధ్య 0.100 కూర్చుంది. ఎవరిది ఒప్పని నన్నడిగితే, కొలిచే మెట్టు ఒకటి కానంతవరకూ పోల్చకూడదంటాను.

గుణుపూర్_గాలి
అమెరికా స్ప్రింటర్ జాన్ డ్రమండ్ పడుకున్నది గుర్తుందా ఎవరికైనా? పారిస్‌లో ట్రాక్ మీద బైఠాయింపు 😄 మన దగ్గర రైల్ రోకో లాగ.

బరంపురం_స్టార్టర్
2003 ప్రపంచ చాంపియన్‌షిప్, 100 మీటర్ల క్వార్టర్ ఫైనల్. అతని అంకె 0.052, అదే రేసులో అసాఫా పావెల్‌ది 0.086. డ్రమండ్ "నేను కదల్లేదు" అని అరుస్తూ లేన్‌లో పడుకున్నాడు. చేతులు నేల వదల్లేదు, నిజమే. పాదం లోపల బ్లాకు మీద కదిలింది. మెషీను ఆ ఒత్తిడిని పట్టుకుంది. కాలు తడబడి వణికినా, లేవబోయినా మెషీనుకి ఒత్తిడి ఒత్తిడే. ఇప్పటి రూలుబుక్కులో పాదం బ్లాకునీ చెయ్యి నేలనీ వదలకుండా జరిగిన కదలికని స్టార్ట్ మొదలైనట్టు లెక్కించకూడదని ఉంది. కావాలంటే క్రమశిక్షణ వార్నింగ్ ఇవ్వొచ్చు. అందుకే ఇప్పుడు అంకె ఒక్కటే చూడకుండా గీత ఆకారం కూడా చూస్తాం. చిన్న గుబ్బలా లేచి పడిపోయిందా, లేక ఆగకుండా పైకి పోయిందా. మొదటిది వణుకు, రెండోది స్టార్ట్.

కాశీనగర్_నాన్న
మా దగ్గర గన్ కూడా లేదండి. రెండు చెక్కలు కొడతారు. దానికేమైనా పద్ధతుందా?

బరంపురం_స్టార్టర్
క్లాపర్. మన జిల్లాల్లో సగం మీట్‌లు దాంతోనే నడుస్తాయి. దాంతో ఒక పెద్ద ఇబ్బంది ఉంది. చెక్కలు కొట్టాలంటే ముందు చేతులు విడదీయాలి. గన్ ట్రిగ్గర్ కదలిక కనబడదు, కానీ చేతులు విప్పడం కనబడుతుంది. తల ఎత్తి పక్క చూపుతో స్టార్టర్‌ని చూసే పిల్లలు చప్పుడు కోసం ఆగరు, చేతులు కలవడం మొదలవగానే లేచిపోతారు. తలొంచి గీతని చూసే బుద్ధిమంతులు వెనకబడతారు. అక్కడ ఫాల్స్ స్టార్టులు ఎక్కువైతే తప్పు పిల్లలది కాదు.

స్టార్టర్ పిల్లలకి కనబడని చోట, గీతకి కాస్త వెనక పక్కగా నిలబడితే ఇది పోతుంది. కానీ అప్పుడు అతనికి చేతులూ పాదాలూ సరిగ్గా కనబడవు. అందుకని రెండో మనిషి కావాలి. ముందు వైపు, అందరూ ఒకే చూపులో కనబడే చోట, విజిల్‌తో. ముందెవరు కదిలారో చెప్పాల్సింది అతను. చెక్కలు కొట్టేవాడూ తప్పు పట్టేవాడూ ఒకడే అయితే, కొట్టే క్షణంలో కళ్ళు చెక్కల మీదకి పోతాయి.

ఇంకోటి. ముగింపు గీత దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకున్నవాళ్ళకి క్లాపర్ కనబడాలి, వాళ్ళు చెక్కలు కలవడం చూసి నొక్కాలి. పిల్లలకి కనబడకూడదు, వాళ్ళకి కనబడాలి. చెక్కలకి తెలుపో ఎరుపో రంగు వేసి, తల పైకెత్తి కొడితే 100 మీటర్ల నుంచి తెలుస్తుంది.

సిరొంచ_400
వాచీ చేత్తో నొక్కినప్పుడు రియాక్షన్ టైమ్ తీసేసి రాస్తారా? మా దగ్గర ఒకాయన 0.24 కలపాలంటాడు.

కోచ్_జైపూర్
అది వేరే లెక్క తమ్ముడూ. పరిగెత్తినవాడి రియాక్షన్ ఎప్పుడూ టైములోనే ఉంటుంది, ఎవరూ తీసెయ్యరు. 9.58లో ఆ 0.146 కూడా కలిసే ఉంది. 0.24 అన్నది వాచీ పట్టుకున్నవాడి ఆలస్యం. పొగ చూసి నొక్కడంలో అతను ఆలస్యం చేస్తాడు, ముగింపు గీత దగ్గర మాత్రం మనిషి రావడం ముందే చూస్తూ ఉంటాడు కాబట్టి సరిగ్గా నొక్కుతాడు. అందుకే చేతి టైము తక్కువగా వస్తుంది. 100, 200లకి ఎలక్ట్రానిక్‌తో పోల్చేటప్పుడు 0.24 కలుపుతారు. 400కి 0.14.

పర్లాకిమిడి_పీఈటీ
పిల్లలకి చెప్పాల్సింది దొరికింది. ఒక్కటి మిగిలింది. పరికరం లేని మా మీట్‌లో, గన్ పేలిన వెంటనే అనుమానం వచ్చేంత త్వరగా ఒకడు లేచాడనుకోండి. ఔట్ అనాలా, వదిలెయ్యాలా?

బరంపురం_స్టార్టర్
చప్పుడుకి ముందు కదలిక మీకు గానీ మీ రీకాలర్‌కి గానీ కనబడకపోతే వదిలెయ్యండి. కంటితో 0.090కీ 0.120కీ తేడా ఎవరూ చెప్పలేరు. "అంత త్వరగా లేవడం కుదరదు, ఊహించాడు" అని పంపే అధికారం కంటికి లేదు.

కోచ్_జైపూర్
నేను అంత తేలిగ్గా వదలను. మిగతా ఏడుగురు బ్లాకుల్లోనే ఉండగా ఒకడు అడుగు వేసేశాడంటే, వాడు ముందే మొదలెట్టాడని స్టార్టర్ అనుకోవచ్చు. రూలు స్టార్టర్ తీర్పు అనే అంది, కదలిక కళ్ళారా చూడాలని అనలేదు.

బరంపురం_స్టార్టర్
ఏడుగురూ నెమ్మదస్తులై ఉండొచ్చు కదా బాబూ. స్కూలు మీట్‌లో 0.250కి లేచేవాళ్ళే ఎక్కువ. వాళ్ళ పక్కన 0.140 వాడు కూడా దొంగలాగే కనబడతాడు. అలా అనిపిస్తే రీకాల్ చేసి, అందరినీ లేపి మళ్ళీ పెట్టించండి. కార్డు మాత్రం కదలిక చూస్తేనే.